మూడో రోజు నొప్పి

పన్ను తీయించుకున్నాక నొప్పి రోజురోజుకీ తగ్గుతూ పోవాలి. అలా తగ్గినట్టే తగ్గి, రెండు మూడు రోజుల తర్వాత తిరగబెట్టి చెవి దాకా పాకితే అది ‘డ్రై సాకెట్’ కావచ్చు. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఉపశమనం ఇవ్వడమూ కష్టం కాదు. కానీ ఆ ఉపశమనం మందుల షాపులో దొరకదు.

“పన్ను పీకించుకున్నాక నొప్పి ఉండదా ఏమిటి? ఓర్చుకోవాలి” అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆ మాట మొదటి రోజుకి సరిపోతుంది, రెండో రోజుకీ సరిపోతుంది. మూడో రోజు రాత్రి నిద్రలోంచి లేపి కూర్చోబెట్టే నొప్పికి మాత్రం సరిపోదు. ఆ తేడా తెలియకనే చాలామంది నాలుగైదు రాత్రులు నరకం చూస్తారు. పక్క పన్ను కూడా పుచ్చిపోయిందేమోనని కొందరు, చెవిలో ఏదో అయిందని కొందరు, డాక్టరు పన్ను సరిగా తీయలేదని ఇంకొందరు అనుకుంటారు. అసలు సంగతి పన్ను ఉన్న చోట మిగిలిన గుంటలో ఉంటుంది.

ప్రతి దంతవైద్యుడికీ పరిచయమైన కథ ఒకటి చెప్పుకుందాం. ఇది ఏ ఒక్కరిదో కాదు, ఇలాంటివాళ్లు ఎందరో ఉంటారు. పాతికేళ్లు దాటిన యువకుడు, సెల్‌ఫోన్ల దుకాణంలో పని. కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం సగమే బయటికి వచ్చి, మిగతా సగం చిగురు కిందే ఉండిపోయింది. ఆ చిగురు రెండుసార్లు వాచి తగ్గింది. సోమవారం పొద్దున పన్ను తీయించుకున్నాడు. అడ్డంగా పెరిగిన పన్ను కావడంతో చుట్టూ ఉన్న ఎముకను కొంత అరగదీసి, పన్నును రెండు ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది. ముప్పావు గంట పట్టింది. సాయంత్రం మత్తు వదిలాక నొప్పి మొదలైంది, మాత్ర వేసుకుంటే సర్దుకుంది. మంగళవారం బుగ్గ కొంచెం వాచినా నొప్పి తక్కువే. బుధవారం ఇడ్లీ తిన్నాడు, దుకాణానికి వెళ్లాడు. బాగానే ఉంది కదా అని సాయంత్రం కొబ్బరిబోండాం స్ట్రాతో తాగి, రెండు సిగరెట్లు కాల్చాడు.

గురువారం తెల్లవారుజామున మెలకువ వచ్చింది. దవడలో పోటు. ఆ పోటు చెవిలోకి, అక్కణ్నుంచి కణతలోకి ఎగబాకింది. మాత్ర వేసుకుంటే గంటసేపు కాస్త మెత్తబడి మళ్లీ అంతే అయింది. నోట్లో అదోరకం చేదు రుచి, ఎవరితోనైనా మాట్లాడాలంటే తనకే తెలిసే దుర్వాసన. మందుల షాపుకి వెళ్తే ‘ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది’ అని అప్పటికే వాడుతున్నదానికన్నా గట్టి యాంటీబయాటిక్ ఇచ్చారు. శుక్రవారానికి కూడా తగ్గలేదు. చివరికి పన్ను తీసిన డాక్టరు దగ్గరికే వెళ్లాడు.

“ఎప్పటి నుంచి బాబూ?”

“నిన్న పొద్దున్నుంచి డాక్టరుగారూ. బుధవారం దాకా బాగానే ఉంది.”

అనుభవం ఉన్న డాక్టరుకి ఆ రెండో వాక్యంతోనే సగం రోగనిర్ధారణ అయిపోతుంది.

గుంట ఎలా మానుతుంది

పన్ను వేరు ఎముకలో దిగబడి ఉంటుంది. పన్ను తీయగానే వేరు ఆకారంలో ఒక గుంట మిగులుతుంది. దాని గోడలు ఎముకే. చిరిగిన రక్తనాళాల నుంచి కారిన రక్తం నిమిషాల్లో ఆ గుంటను నింపి గడ్డకడుతుంది. మోకాలు గీసుకుపోతే పైన పక్కు కట్టినట్టు, ఇక్కడ ఈ గడ్డే మూత. తేడా ఏమిటంటే, పక్కు ఎండిపోయి రాలేది. ఈ గడ్డ తడిగానే ఉండి, తనలోకి కొత్త రక్తనాళాలనూ కణాలనూ రానిచ్చి, క్రమంగా కండగా మారుతుంది. వారం తిరిగేసరికి గుంటలో లేత కండ కనిపిస్తుంది. కొన్ని వారాల్లో దానిమీద చిగురు మూసుకుంటుంది. లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది.

కాబట్టి గడ్డ రెండు పనులు చేస్తోంది. ఎముకనూ, అందులోని నరాల చివరలనూ గాలి, ఉమ్మి, అన్నం మెతుకుల నుంచి కాపాడుతోంది. కొత్త కండకు పునాదిగానూ ఉంటోంది. ఆ గడ్డ నిలవకపోతేనో, కండ మొలిచేలోగా కరిగిపోతేనో ఎముక గోడలు బట్టబయలవుతాయి. అప్పుడు గుంటలోకి చూస్తే ఎర్రటి గడ్డకు బదులు బూడిదరంగు ఎముక, దానిమీద ఇరుక్కున్న ఆహారం కనిపిస్తాయి. అదే డ్రై సాకెట్. వైద్య పుస్తకాల్లో దీన్ని అల్వియోలార్ ఆస్టియైటిస్ అంటారు. క్రాఫర్డ్ అనే దంతవైద్యుడు 1896లోనే డ్రై సాకెట్ అన్న పేరుతో దీన్ని వర్ణించాడు. ఆ పేరే నేటికీ వాడుకలో ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు వెళ్లాలి. పన్ను తీసిన రెండో రోజు, మూడో రోజు అద్దంలో చూసుకుంటే గడ్డ మీద తెల్లగానో పసుపుపచ్చగానో ఒక పొర కనబడుతుంది. చాలామంది దాన్ని చీము అనుకుని, దూదితోనో పుల్లతోనో తుడిచేయబోతారు. అది చీము కాదు, గాయం మానుతున్నప్పుడు మామూలుగా ఏర్పడే పొర. దాన్ని గీకితే మానుతున్న గాయాన్ని చేజేతులా చెడగొట్టుకున్నట్టే.

గడ్డ ఎందుకు కరుగుతుంది

గట్టిగా ఉమ్మితే గడ్డ ఊడిపోతుంది, దాంతో డ్రై సాకెట్ వస్తుంది అని అందరూ అంటారు. అందులో కొంత నిజం ఉన్నా, అసలు కారణం అంతకంటే లోతుగా ఉంది. చాలామందిలో గడ్డ ఊడి పడిపోదు, ఉన్నచోటే కరిగిపోతుంది.

రక్తం గడ్డకట్టినప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఫైబ్రిన్ అనే పోగుల వల. గాయం మానాక అవసరం తీరిన గడ్డను కరిగించే ఏర్పాటు కూడా శరీరంలోనే ఉంది. రక్తంలో నిద్రాణంగా ఉండే ప్లాస్మినోజెన్ అనే పదార్థం, కొన్ని ప్రేరకాలు తగలగానే ప్లాస్మిన్‌గా మారి ఫైబ్రిన్ పోగుల్ని తెంచుతుంది. మామూలుగా ఇది అదుపులో జరిగే పని. పన్ను తీసేటప్పుడు ఎముక బాగా నలిగితే, లేదా ముందునుంచే అక్కడ ఇన్ఫెక్షన్ ఉంటే, ఆ ప్రేరకాలు ఎక్కువ మోతాదులో విడుదలవుతాయి. నోట్లోని కొన్ని రకాల బ్యాక్టీరియా కూడా వీటికి తోడవుతుంది. ఫలితంగా కండ మొలవకముందే గడ్డ కరిగిపోతుంది. డెన్మార్క్‌కి చెందిన బియర్న్ అనే పరిశోధకుడు 1973లో ఈ వివరణను ఒక రూపానికి తెచ్చాడు. ఇదే ప్రక్రియలో కైనిన్లు అనే పదార్థాలు కూడా తయారవుతాయని ఆయన చెప్పాడు. నరాల చివరలను నేరుగా రెచ్చగొట్టి నొప్పి పుట్టించే పదార్థాలవి. గడ్డ కరగడమూ నొప్పి రాజుకోవడమూ ఒకే గొలుసులో జరుగుతాయన్నమాట. నొప్పి మొదటి రోజే రాకుండా రెండు మూడు రోజులు ఆగి ఎందుకు వస్తుందో దీనితో అర్థమవుతుంది. గడ్డ కరగడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

మన యువకుడి విషయంలో ఈ కారణాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కింది దవడ జ్ఞానదంతం కావడం మొదటిది. కింది దవడ ఎముక పై దవడ కన్నా గట్టిది, దానికి రక్త సరఫరా తక్కువ. పైగా ఉమ్మీ తిండీ చేరేది అక్కడికే. మామూలుగా పళ్లు తీసినప్పుడు నూటికి 1 నుంచి 5 మందిలో డ్రై సాకెట్ వస్తే, కింది జ్ఞానదంతాలు, అందులోనూ ఎముకలో ఇరుక్కున్నవి తీసినప్పుడు కొన్ని అధ్యయనాల్లో 25, 30 మంది దాకా తేలారు. పన్ను తీయడం కష్టమై ఎముకను అరగదీయాల్సి రావడం రెండోది. అంతకుముందే చిగురు రెండుసార్లు వాచి ఉండటం మూడోది.

ఇవేవీ అతని చేతిలో లేవు. అతని చేతిలో ఉన్నవాటిలో ముఖ్యమైనది సిగరెట్. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. దాంతో గుంటలోకి రావాల్సిన రక్తం తగ్గి గడ్డ బలంగా కట్టదు. పొగ పీల్చేటప్పుడు నోట్లో పుట్టే గుంజుడు ఉన్న గడ్డను కదిలిస్తుంది. వేడి, పొగలోని రసాయనాలు నేరుగా పచ్చి గాయాన్ని తాకుతాయి. పొగతాగేవారిలో డ్రై సాకెట్ ఎక్కువన్నది ఎన్నో అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం. ఉత్తరాంధ్ర తీరంలో, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో కొందరు స్త్రీలు చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అక్కడ నిప్పే నోటి లోపల ఉంటుంది. పన్ను తీయించుకునే ముందు ఈ అలవాటు గురించి అడిగే డాక్టరు ఉండాలి, దాచకుండా చెప్పే ధైర్యం పేషెంటుకీ ఉండాలి. గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టుకునేవారూ ఆ మాట చెప్పాలి. ఆ ముద్ద గాయం పక్కనే కూర్చుంటుంది.

గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలోనూ ఇది కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మాత్రల్లోని ఈస్ట్రోజెన్ గడ్డను కరిగించే ప్రక్రియను పెంచడమే కారణమని భావిస్తారు. మన దగ్గర ఈ ప్రశ్న దంత వైద్యశాలల్లో అరుదుగా వినిపిస్తుంది. బిడియం వల్ల చాలామంది తామై చెప్పరు. అడిగితే ఒక్క నిమిషం పనే. ఇంతకుముందు ఒకసారి డ్రై సాకెట్ వచ్చినవాళ్లు కూడా రెండో పన్ను తీయించుకునేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ నొప్పి వేరు

పన్ను తీసిన మామూలు నొప్పికి ఒక క్రమం ఉంటుంది. మత్తు వదిలిన మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజులో అది ఎక్కువగా ఉంటుంది. అక్కణ్నుంచి దిగడమే. వాపు మాత్రం రెండు మూడు రోజుల దాకా పెరిగి తర్వాత తగ్గుతుంది. అందువల్ల మూడో రోజు బుగ్గ వాచి ఉన్నా నొప్పి తగ్గుముఖంలో ఉంటే కంగారు పడనక్కర్లేదు. మామూలు నొప్పి మాత్రకు లొంగుతుంది. గాయం ఉన్నచోటే ఉంటుంది.

డ్రై సాకెట్ నొప్పి దీనికి తలకిందులు. మొదట తగ్గి, ఆ తర్వాత పెరుగుతుంది. ఎక్కువమందిలో పన్ను తీసిన రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మొదలవుతుంది, వారం దాటాక కొత్తగా మొదలవడం అరుదు. అది సూదిపోటులా వచ్చిపోయేది కాదు. లోపల ఎవరో ఆగకుండా దంచుతున్నట్టు నిలకడగా ఉంటుంది. మాత్ర వేసుకుంటే అంచు మొద్దుబారుతుందే తప్ప పోదు. పడుకుంటే ఎక్కువవుతుంది.

చెవి నొప్పి ఎందుకు వస్తుందన్న ప్రశ్న చాలామందిని గందరగోళంలో పడేస్తుంది. కింది దవడ పళ్లకు వెళ్లే నరమూ, చెవి ముందు భాగానికీ కణతకూ వెళ్లే నరమూ ఒకే పెద్ద నరానికి కొమ్మలు. దవడ ఎముకలో పుట్టిన నొప్పి ఆ దారిలో వెళ్లి చెవిలో ఉన్నట్టు అనిపిస్తుంది. చెవి డాక్టరు చూస్తే అక్కడ ఏమీ ఉండదు. పన్ను తీసిన వైపే చెవి పోటుగా ఉంటే ముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం మేలు.

ఇక ఇన్ఫెక్షన్‌కీ దీనికీ తేడా. చీము పట్టిన గాయంలో జ్వరం, పెరుగుతున్న వాపు, నొక్కితే చీము, నోరు తెరవలేకపోవడం కనిపిస్తాయి. డ్రై సాకెట్‌లో సాధారణంగా ఇవి ఉండవు. జ్వరం లేదు, కొత్త వాపు లేదు, చీము లేదు. నొప్పి మాత్రం భరించలేనంత. బయటికి ఏమీ కనిపించకపోవడం వల్లే ఇంట్లోవాళ్లు కూడా ‘ఇంత నొప్పేమిటి, నటన కాకపోతే’ అంటుంటారు. నొప్పి పడుతున్నవాళ్లకి ఆ మాట మరో గాయం.

కుర్చీలో జరిగేది

మన యువకుడిని డాక్టరు కుర్చీలో పడుకోబెట్టి చూశారు. జ్వరం లేదు. నోరు తెరుచుకుంటోంది. దవడ కింద ఒక గ్రంథి నొక్కితే నొప్పి. గుంటలో అన్నం మెతుకులు, వాటి కింద బూడిదరంగు ఎముక. మొద్దు పరికరంతో ఆ ఎముకను తాకీ తాకగానే అతను ఎగిరిపడ్డాడు. వేరు ముక్క ఏదైనా మిగిలిందేమో తేల్చుకోవడానికి ఒక ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదు. డ్రై సాకెట్ అని నిర్ధారణ అయింది.

తర్వాత జరిగినది పావుగంట పని. గోరువెచ్చని సెలైన్‌ను సిరంజిలో నింపి, మొన మొద్దుగా ఉన్న సూదితో గుంటను నెమ్మదిగా కడిగారు. మెతుకులు, కుళ్లిన గడ్డ అవశేషాలు బయటికి వచ్చాయి. సెలైన్ చల్లగా ఉంటే బట్టబయలైన ఎముకకు తగిలి నొప్పి రెట్టింపవుతుంది, అందుకే గోరువెచ్చన. నొప్పి మరీ తట్టుకోలేనివాళ్లకి ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కడిగాక, చుట్టూ ఉమ్మి తడి తీసేసి, యూజినాల్ కలిపిన మందులో ముంచిన సన్నటి గాజ్ పట్టీని గుంటలో వదులుగా ఉంచారు. యూజినాల్ అంటే లవంగ నూనెలోని ప్రధాన పదార్థం. అది నరాన్ని శాంతపరుస్తుంది. ఆల్వోజిల్ వంటి రెడీమేడ్ పేస్టుల్లో ఉండేదీ అదే. నిమిషాల్లోనే యువకుడి ముఖం తేటపడింది.

ఈ ఉపశమనం శాశ్వతం కాదు, ఒకటి రెండు రోజులు ఉంటుంది. అతన్ని శనివారం ఒకసారి పిలిచి, కడిగి, పట్టీ మార్చారు. సోమవారం మళ్లీ చూస్తే నొప్పి నామమాత్రం, గుంట అడుగున లేత కండ మొలుస్తోంది. పట్టీ తీసేసి మళ్లీ పెట్టలేదు. అది సరైన నిర్ణయం. యూజినాల్ మందు నొప్పిని ఆపుతుంది గానీ గాయాన్ని మాన్పదు, ఎక్కువ రోజులు లోపలే ఉంచితే మానడాన్ని ఆలస్యం చేస్తుంది. గాజ్ పట్టీని గుంటలో మరిచిపోతే అదే కొత్త సమస్య అవుతుంది. పట్టీ పెట్టించుకున్నవాళ్లు ‘ఇది ఎప్పుడు తీస్తారండీ’ అని అడిగి, ఆ రోజున తప్పక వెళ్లాలి. సాధారణంగా ఈ ఇబ్బంది 5 నుంచి 10 రోజుల్లో సమసిపోతుంది. గుంట తనంతట తానే, కాస్త ఆలస్యంగా, అంచుల నుంచి కండ పెరిగి మానుతుంది.

పాత పద్ధతిలో గుంటను గట్టిగా గీకి, కొత్తగా రక్తం వచ్చేలా చేసి మరో గడ్డ కట్టించాలని చూసేవారు. వినడానికి తర్కంగానే ఉంటుంది. కానీ అలా గీకితే ఎముక మరింత నలుగుతుంది, గడ్డను కరిగించే ప్రేరకాలు మళ్లీ విడుదలవుతాయి, అప్పటికి మొలిచిన కాస్త కండా పోతుంది. ఇప్పుడు దాన్ని సిఫారసు చేయరు.

యాంటీబయాటిక్ సంగతి మరీ ముఖ్యం. ఆ యువకుడు అప్పటికే ఒకటి వాడుతున్నాడు, షాపులో రెండోది ఇచ్చారు. రెండూ నొప్పిని తగ్గించలేదు, తగ్గించవు కూడా. ఇక్కడ సమస్య శరీరంలోకి పాకిన సూక్ష్మజీవులు కాదు, కప్పు లేకుండా బయటపడిన ఎముక. జ్వరం, వాపు, చీము లేనప్పుడు డ్రై సాకెట్‌కి యాంటీబయాటిక్ అవసరం లేదు. మన ఊళ్లలో పంటినొప్పి అనగానే ఐదు రోజుల యాంటీబయాటిక్ చేతిలో పెట్టడం ఎంత అలవాటైపోయిందంటే, అది ఇవ్వని డాక్టరుకి పని రాదనుకునేవాళ్లున్నారు. కడిగి, పట్టీ పెట్టి, నొప్పి మాత్రతో సరిపెట్టిన డాక్టరే ఇక్కడ సరైన వైద్యం చేసినట్టు.

నొప్పి మాత్రల విషయంలో, వేరే జబ్బులు లేని పెద్దవాళ్లకి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు తిన్నాక కలిపి వేసుకుంటే ఒక్కో మందు విడిగా వేసుకున్నదానికన్నా బాగా పనిచేస్తుంది. ఈ రెండూ కలిసే ఒకే మాత్రగా కూడా అమ్ముతారు. చిక్కు అక్కడే వస్తుంది. అలాంటి మాత్ర వేసుకుంటూ విడిగా పారాసిటమాల్ కూడా మింగితే లివర్‌కి ముప్పు. రెండు మాత్రల రేకుల మీదా ఏముందో చూసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లకూడదు.

ఇంట్లో చేయకూడనివి, చేయగలిగినవి

యూజినాల్ లవంగ నూనెలోదే అని చెప్పగానే వంటింట్లో లవంగం గుర్తొస్తుంది. చిక్కని లవంగ నూనెను దూదితో పచ్చి గాయంలో పెడితే చిగురు కాలి తెల్లబడుతుంది. లవంగాన్ని గుంటలో కుక్కితే ముక్కలు అందులోనే ఇరుక్కుంటాయి. ఆస్ప్రిన్ మాత్ర నూరి పెట్టడం ఇంకా ప్రమాదం, అది ఆమ్లం కాబట్టి చిగురును పుండు చేస్తుంది. పొగాకు నలిపి పెట్టడం గురించి చెప్పనే అక్కర్లేదు. డాక్టరు అందుబాటులోకి వచ్చేలోగా చేయగలిగింది ఒకటే. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి, తల అటూ ఇటూ వంచుతూ గుంటలోని తిండి పోయేలా మెల్లగా కడుక్కోవడం, పైన చెప్పిన నొప్పి మాత్ర వేసుకోవడం.

ఇదే ఉప్పునీళ్లు పన్ను తీసిన మొదటి రోజు మాత్రం తగవు. ఆ సాయంత్రమే ‘శుభ్రంగా ఉంటుంది’ అని గట్టిగా పుక్కిలించేవాళ్లు ఎక్కువ. గడ్డ ఇంకా పట్టు దొరకని స్థితిలో ఉన్నది అప్పుడే. మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు. డాక్టరు కొరికిపట్టమని ఇచ్చిన గాజ్‌ను అరగంట నుంచి ముప్పావు గంట కదపకుండా కొరికి ఉంచాలి, మధ్యలో తీసి చూడకూడదు. ఉమ్మిలో కాస్త రక్తపు చార కనిపించగానే మాటిమాటికీ ఉమ్మడం మన అలవాటు. కొద్దిపాటి రక్తం కలిసిన ఉమ్మిని మింగేయవచ్చు, ఏమీ కాదు. కొబ్బరిబోండాం తాగాలనిపిస్తే గ్లాసులో పోసుకుని తాగాలి, స్ట్రాతో కాదు. చల్లారిన జావ, మజ్జిగన్నం చెంచాతో రెండో వైపు నుంచి తినాలి. రెండో రోజు నుంచి మిగతా పళ్లు బ్రష్ చేసుకుంటూ, భోజనం తర్వాత ఉప్పునీళ్లు మెల్లగా వాడుకోవచ్చు. సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా కనీసం మూడు రోజులు ముట్టకూడదు. వారం ఆగగలిగితే గాయానికి మరీ మంచిది.

ఆ యువకుడు బుధవారం సాయంత్రం దాకా ఈ నియమాలన్నీ పాటించాడు. నొప్పి తగ్గింది కాబట్టి గాయం మానిందనుకున్నాడు. కింది జ్ఞానదంతం తీశాక ఆ మూడో రోజే గడ్డకు గడ్డుకాలమని ఎవరూ అతనికి చెప్పలేదు. పన్ను తీశాక చేతిలో పెట్టే కాగితంలో ఈ ఒక్క వాక్యమైనా తెలుగులో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ముందుజాగ్రత్తగా ఏదైనా మందు ఉందా అంటే, క్లోర్‌హెక్సిడిన్ ఉంది. మౌత్‌వాష్‌గా మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేదే. ఈ అంశంపై ప్రపంచవ్యాప్త పరిశోధనలను ఒకచోట చేర్చి 2012లోనూ, మళ్లీ 2022లోనూ కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పన్ను తీయడానికి ముందూ తర్వాతా ఈ మౌత్‌వాష్ వాడటం, లేదా తీశాక దాని జెల్‌ను గుంటలో ఉంచడం డ్రై సాకెట్‌ను బహుశా తగ్గిస్తుందని తేల్చింది. వచ్చాక ఏ చికిత్స అన్నిటికన్నా మేలన్నదానికి మాత్రం గట్టి ఆధారాలు చాలవని అదే సమీక్ష చెప్పింది. ఈ మందు అరుదుగా కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. బ్రిటన్‌లో డ్రై సాకెట్‌ను క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగినప్పుడు ఇద్దరు అలర్జీ తీవ్రమై చనిపోయారు. అప్పటినుంచి గుంట కడగడానికి సెలైనే చాలన్న జాగ్రత్త పెరిగింది. కాబట్టి ఈ మౌత్‌వాష్ కూడా డాక్టరు చెబితే, చెప్పిన రోజుల వరకే.

అన్నీ డ్రై సాకెట్ కావు

పన్ను తీసిన తర్వాత జ్వరం వచ్చినా, వాపు మెడ వైపు దిగుతున్నా, మింగడం కష్టమైనా, నోరు తెరవలేకపోయినా అది వేరే సంగతి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కింది పెదవి మొద్దుబారి తిమ్మిరిగా ఉండిపోతే నరానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. ఎముకల బలానికి, లేదా ఎముకలకు పాకిన క్యాన్సర్‌కి బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడుతున్నవాళ్లలో ఎముక బయటపడి వారాలు గడిచినా మూసుకోకపోతే, అది డ్రై సాకెట్‌లా కనిపించే మరో తీవ్రమైన జబ్బు కావచ్చు. ఆ మందుల పేర్లు పన్ను తీయకముందే డాక్టరుకి చూపించాలి.

డ్రై సాకెట్ ఎంత బాధపెట్టినా దానికి ఒక గడువు ఉంది. పదిరోజుల తర్వాత అది తగ్గుముఖంలో ఉండాలి. రెండు మూడు వారాలు దాటినా గుంట మానకపోతే, అంచులు గట్టిపడితే, ముట్టుకుంటే రక్తం వస్తుంటే, పట్టీలు మార్చుకుంటూ కాలం గడపొద్దు. ముఖ్యంగా చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లు ఎక్స్‌రేతో పాటు ఆ చోటు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించమని డాక్టరుని మీరే అడగండి. వదులైన పన్ను తీసిన గుంట మానకపోవడం, నోటి క్యాన్సర్ తొలిసారి బయటపడే దారుల్లో ఒకటి.